ప్రాజెక్టు డైరీ: నోటీసు తెలుగు నుంచి నోటి తెలుగుకి

పని ఇది. ఒక కార్యాలయం అచ్చువేసిన ఉపకార వేతనం నోటీసు ఉంది. దాన్ని మైకులో వినిపించడానికి, ఫోన్లో వాయిస్ మెసేజ్‌గా పంపడానికి మామూలు మాటల్లోకి మార్చాలి. ఒక్కసారి విన్నవాళ్ళకి అర్థం కావాలి. నోటీసులో ఉన్న షరతు ఒక్కటి కూడా సడలకూడదు, బిగుసుకోకూడదు, కొత్తది చేరకూడదు. ఇలాంటి పని నెత్తినేసుకున్నవాళ్ళు ఇందులోని పద్ధతిని అలాగే వాడుకోవచ్చు. ముఖ్యంగా రెండో ప్రతిలో ఏం జరిగిందో చూస్తే చాలా తిప్పలు తప్పుతాయి.

దశ 1: మూలం, ముక్కలు

ముందు నోటీసు ఉన్నదున్నట్టు:

1. కుటుంబ వార్షికాదాయము రెండు లక్షల రూపాయలకు మించని విద్యార్థులందరును, ఇదివరకే ఉపకార వేతనము పొందియున్నవారు మినహా, దరఖాస్తు చేసికొనుటకు అర్హులు.
2. అర్హులైన అభ్యర్థులు తమ దరఖాస్తులను నివాస మరియు ఆదాయ ధ్రువపత్రముల నకళ్లతో సహా ఈ నెల 20వ తేదీలోపు కార్యాలయము నందు స్వయముగా సమర్పించవలెను.
3. గడువు ముగిసిన అనంతరము అందిన దరఖాస్తులు ఏ కారణము చేతనైనను స్వీకరింపబడవు.
4. అసలు ధ్రువపత్రములను దరఖాస్తునకు జతపరచరాదు. పరిశీలన సమయమున వాటిని చూపవలసియుండును.

మార్చడం మొదలుపెట్టే ముందే ఇందులో ఉన్న సంగతులను విడివిడిగా రాసుకున్నాను. ఒక్కో ముక్క ఒక్క ప్రశ్నకి జవాబిచ్చేలా ఉండాలి. రెండు ప్రశ్నలకి జవాబిస్తుంటే దాన్ని చీల్చాలి. ఆఫీసులో ఇవ్వాలన్నది ఒకటి, స్వయంగా ఇవ్వాలన్నది మరొకటి.

1. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండు లక్షలు దాటకూడదు.
2. ఇంతకుముందు ఉపకార వేతనం తీసుకున్నవాళ్ళు అర్హులు కారు.
3. మిగతావాళ్ళకి దరఖాస్తు చేసే అర్హత ఉంది. డబ్బు వస్తుందన్న హామీ లేదు.
4. నివాసం, ఆదాయం, రెండు ధ్రువపత్రాల నకళ్లూ జతచేయాలి.
5. గడువు ఈ నెల 20.
6. ఇవ్వాల్సిన చోటు ఆఫీసు.
7. ఎవరికి వారు స్వయంగా ఇవ్వాలి.
8. గడువు దాటాక ఏ కారణానికీ మినహాయింపు లేదు.
9. అసలు పత్రాలు దరఖాస్తుతో పెట్టకూడదు.
10. పరిశీలనప్పుడు అసలు పత్రాలు చూపించి తీరాలి.

ఈ జాబితాయే కొలబద్ద. ప్రతి కొత్త ప్రతినీ ఈ పది ముక్కలతో సరిచూడాలి. జాబితా లేకుండా మొదలుపెడితే మార్చినదాన్ని మూలంతో పోల్చేటప్పుడు కన్ను మాటల మీదికి పోతుంది, షరతుల మీదికి పోదు.

పనిముట్లు కొన్నే: రెండు గళ్ళు గీసిన నోటుబుక్కు, ఫోన్లో రికార్డర్, నోటీసు ముందు చూడని శ్రోతలు. ఒక ప్రతి విన్న మనిషి తర్వాతి ప్రతికి పనికిరారు. వాళ్ళకి సంగతి ముందే తెలిసిపోయి ఉంటుంది.

*లెక్క: మూలం 5 వాక్యాలు, 50 మాటలు, 10 ముక్కలు.*

దశ 2: మాటకి మాట (మొదటి ప్రతి)

పాత రూపాలు తీసి వాడుక రూపాలు పెట్టడంతో మొదలైంది. వలెను పోయి ఆలి, నందు పోయి లో, అనంతరము పోయి తర్వాత, మినహా పోయి తప్ప. మొదటి వాక్యం ఇలా తయారైంది:

"కుటుంబ ఆదాయం ఏడాదికి రెండు లక్షలకు మించని స్టూడెంట్స్ అందరూ, ఇంతకుముందే స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్ళు తప్ప, అప్లై చేసుకోవడానికి అర్హులు."

కాగితం మీద చదివితే తప్పు కనిపించదు. రికార్డు చేసి వినిపిస్తే మాత్రం నిలబడలేదు. విన్న ఒకాయన "ఇంతకుముందు తీసుకున్నవాళ్ళు కూడా పెట్టుకోవచ్చన్నమాట" అన్నారు. ఆయన పొరపాటేం లేదు. మినహాయింపు వాక్యం నడుమ ఉంది. "తప్ప" అన్న రెండక్షరాలు ఊపిరి తీసుకునే చోట పడ్డాయి, తర్వాత వెంటనే "అర్హులు" వినబడింది. చదివేవాళ్ళు వెనక్కి వెళ్ళి చూసుకుంటారు. వినేవాళ్ళకి ఆ వీలు లేదు.

ఇక్కడ తేలిన సంగతి: "చేయవలెను" తీసి "చేయాలి" పెట్టడం గ్రాంథికం నుంచి వ్యావహారికానికి రావడం మాత్రమే. గిడుగు రామమూర్తి (1863–1940) కాలంలో మొదలైన, వాడుక భాషలోనే రాయాలన్న వాదన పుస్తకాల్లో, పత్రికల్లో ఎప్పుడో గెలిచింది. కానీ వ్యావహారికంలో రాసిన వాక్యం కూడా రాసిన వాక్యమే. విశేషణాలన్నీ ముందు పేర్చి, క్రియ కోసం చివరిదాకా ఆపే కట్టుబడి అలాగే ఉండిపోతుంది. "రెండు లక్షలకు మించని స్టూడెంట్స్" అని ఎవరూ నోటితో అనరు. "రెండు లక్షలు దాటకపోతే" అంటారు. అంటే మారాల్సింది మాట చివర ఉన్న ప్రత్యయం ఒక్కటే కాదు, వాక్యం నడక. "మించని", "అందిన", "పొందిన" లాంటివి వచ్చిన చోటల్లా "అయితే", "దాటితే", "ఇస్తే" అనే విడి వాక్యాలు చేసుకోవాలి.

స్టూడెంట్స్, అప్లై లాంటి ఇంగ్లీషు మాటలు జల్లితే వాడుక భాష అయిపోతుందన్న భ్రమ కూడా ఈ ప్రతితోనే పోయింది.

*లెక్క: ఒక ప్రతి పోయింది. మారినవి మాటలు, మారనిది కట్టుబడి.*

దశ 3: సంగతి చెప్పినట్టు (రెండో ప్రతి)

ఈసారి కాగితం పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టు చెప్పి రికార్డు చేశాను. దాన్ని అలాగే ఎత్తి రాస్తే వచ్చినది:

"ఏడాదికి రెండు లక్షల్లోపు ఆదాయం ఉన్న పిల్లలందరికీ స్కాలర్‌షిప్ ఇస్తారు. ఇంతకుముందు తీసుకున్నవాళ్ళకి ఇవ్వరు. నివాసం, ఆదాయం సర్టిఫికెట్లు పెట్టి ఇరవైలోపు ఆఫీసులో ఇచ్చేయండి. లేటైతే తీసుకోరు. ఒరిజినల్స్ పెట్టక్కర్లేదు, తర్వాత చూపిస్తే చాలు."

25 మాటలు, మూలంలో సగం. విన్నవాళ్ళందరికీ నచ్చింది. "ఇలా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది" అన్నారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. అర్థమైంది, కానీ అర్థమైనది నోటీసులో ఉన్నది కాదు. పది ముక్కలతో సరిచూస్తే:

- ముక్క 1: "ఆదాయం ఉన్న పిల్లలు" అనడంతో కుటుంబం మాయమైంది. పైగా "మించని" అంటే సరిగ్గా రెండు లక్షలున్నవాళ్ళు లోపలే ఉంటారు. "రెండు లక్షల్లోపు" అంటే వాళ్ళు బయట పడిపోవచ్చు.
- ముక్క 3: "అర్హులు" కాస్తా "ఇస్తారు" అయింది. అర్హత మాటిచ్చినట్టు మారింది.
- ముక్క 4: నకళ్లు పోయాయి. సర్టిఫికెట్లు పెట్టమంటే ఒరిజినల్సే పెడతారు.
- ముక్క 7: స్వయంగా అన్నది పూర్తిగా పోయింది.
- ముక్క 8: "లేటైతే తీసుకోరు" అంటే బతిమాలుకుంటే తీసుకుంటారేమో అనిపిస్తుంది. "ఏ కారణము చేతనైనను" బరువు లేదు.
- ముక్క 9: "జతపరచరాదు" అన్నది "పెట్టక్కర్లేదు" అయింది. నిషేధం పోయి వెసులుబాటు వచ్చింది.
- ముక్క 10: "చూపించాలి" అన్నది "చూపిస్తే చాలు" అయింది.

ముక్క 2, ముక్క 6 నిలబడ్డాయి. ముక్క 5 సంగతి తర్వాతి దశలో చెబుతాను.

*లెక్క: 10లో 2 సరి, 7 చెడ్డాయి, 1 తేలలేదు.*

తొమ్మిదో ముక్క దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది ఒక్క నోటీసు గొడవ కాదు. నోటీసు భాషలో క్రియ చివర వచ్చే రూపం మీదే హక్కు, బాధ్యత, నిషేధం అన్నీ ఆధారపడతాయి. నేను గోడకి అంటించుకున్న పట్టీ ఇది:

1. చేయవలెను, చేయవలసియుండును: చేయాలి.
2. చేయవచ్చును: చేయొచ్చు. (ఇష్టం ఉంటే.)
3. చేయరాదు: చేయకూడదు.
4. చేయనవసరము లేదు: చేయక్కర్లేదు. (చేసినా తప్పులేదు.)

"చేయరాదు"ని మాట్లాడేటప్పుడు అలాగే వదిలేస్తే ఇంకో చిక్కు. "కాసేపు కూర్చోరాదూ", "ఆ ముక్కేదో చెప్పరాదూ" అని బతిమాలే వాడుక మనకుంది. అదే "రాదు" నోటీసులో నిషేధం, ఇంట్లో ఆహ్వానం. చెవికి రెండూ దగ్గరగానే ఉంటాయి. అందుకే నోటి ప్రతిలో "రాదు" వాడకూడదని తేల్చుకున్నాను.

దశ 4: మూలంలోనే తేలనివి

రెండో ప్రతి విన్నవాళ్ళని "సరిగ్గా 20న వెళ్తే తీసుకుంటారా?" అని అడిగితే సగం మంది ఔనన్నారు, సగం మంది 19తోనే అయిపోతుందన్నారు. మూలం తీసి చూస్తే అందులోనూ "20వ తేదీలోపు" అనే ఉంది. ఇది మార్పులో వచ్చిన లోపం కాదు, నోటీసులోనే తేలని సంగతి.

ఇలాంటి చోట మార్చేవాళ్ళు తమకి తోచింది పెట్టకూడదు. రాసిన తెలుగులో "లోపు" అని వదిలేసినా నడుస్తుంది. మాటల్లో చెప్పేటప్పుడు వినేవాళ్ళు ఏదో ఒకటి ఖాయం చేసుకుని లేస్తారు. అందుకని ఒక చీటీ రాసుకుని నోటీసిచ్చిన ఆఫీసులో అడిగాను.

1. 20వ తేదీ లెక్కలోకి వస్తుందా? వస్తుంది, ఆ రోజు కూడా తీసుకుంటారు.
2. "ఉపకార వేతనము పొందియున్నవారు" అంటే ఎక్కడ పొందినా వర్తిస్తుందా, ఈ స్కాలర్‌షిప్‌కేనా? దీనికే.
3. పరిశీలన ఎప్పుడు, దరఖాస్తు ఇచ్చే రోజునేనా? కాదు, దానికి వేరే రోజు పిలుస్తారు.

రెండో ప్రశ్న నాకు మొదట తట్టలేదు. మూడో ప్రతి రాస్తుంటే చెయ్యి తనంతట తనే "ఈ స్కాలర్‌షిప్" అని రాసింది. ముక్కల జాబితాలో "ఈ" లేదు. మాట్లాడేటప్పుడు ఈ, ఆ, మళ్ళీ లాంటివి అడక్కుండానే వచ్చి చేరతాయి. అవి లేకుండా మాట అతకదు. అవి చేరిన చోటల్లా మూలంలో లేని నిర్ణయం ఒకటి జరిగిపోతుంది. అందుకే మూడో ప్రతిలో కొత్తగా చేరిన ప్రతి చిన్న మాట కిందా గీత గీసి, దానికి ఆధారం మూలంలో ఉందా, ఆఫీసు జవాబులో ఉందా అని చూశాను. రెండింట్లోనూ లేకపోతే తీసేయడమే.

దశ 5: ఎవరు ఎవరికి చెబుతున్నారు

ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. "స్వీకరింపబడవు" అన్నప్పుడు తీసుకోనిది ఎవరో నోటీసు చెప్పదు. నోటి తెలుగులో ఆ "బడు" నిలవదు, క్రియకి మనిషి కావాలి. తీసుకోం అంటారా, తీసుకోరు అంటారా? ఆఫీసు వాళ్ళే మైకు పట్టుకుంటే "తీసుకోం". నాలాగా బయటి మనిషి చదివితే "తీసుకోరు". బయటి మనిషి "తీసుకోం" అంటే విన్నవాళ్ళు రేపు ఆ మనిషితోనే తగువు పెట్టుకుంటారు.

చోటు కూడా అంతే. "కార్యాలయము నందు సమర్పించవలెను" అంటే సరిపోయింది. మాటల్లో "ఆఫీసుకు వచ్చి ఇవ్వాలి" అనాలా, "వెళ్ళి ఇవ్వాలి" అనాలా? వచ్చి అంటే చెప్పేవాళ్ళు ఆఫీసులో ఉన్నట్టు. వాయిస్ మెసేజ్ ఎక్కడ వింటారో తెలియదు కాబట్టి "వెళ్ళి" అని పెట్టాను. దానితో పాటు ప్రతి అంతా తీసుకుంటారు, తీసుకోరు అన్న వరసలోనే ఉండాలి. ఒక చోట "తీసుకోం" వచ్చి ఇంకో చోట "వెళ్ళి" వస్తే వినేవాళ్ళు తికమక పడతారు.

మూడో ప్రతిలో ఏడో ముక్కని ఇలా పెట్టాను: "అప్లికేషన్ మీరే ఆఫీసుకు వెళ్ళి ఇవ్వాలి." కొత్త శ్రోతలకి వినిపించాను. ఒకావిడ "సరే, రేపు నేనే వెళ్ళి ఇచ్చొస్తాను" అన్నారు. అప్లై చేయాల్సింది ఆవిడ కూతురు. "అభ్యర్థులు" అన్న మాట తీసి "మీరు" పెట్టగానే ఎవరు వింటే వాళ్ళే అభ్యర్థి అయిపోయారు. "అప్లై చేసేవాళ్ళు తామే స్వయంగా" అంటే మళ్ళీ నోటీసు వాసన వచ్చింది. చివరికి ఆవిడ నోట్లోంచే మందు దొరికింది. సంగతి విడమర్చి చెప్పాక "ఓహో, ఎవరిది వాళ్ళే ఇవ్వాలా" అన్నారు. దాన్నే తీసుకున్నాను: "ఎవరి అప్లికేషన్ వాళ్ళే వెళ్ళి ఇవ్వాలి."

అప్పట్నుంచి ఇదే నియమం పెట్టుకున్నాను. విన్నవాళ్ళు తిరిగి చెప్పేటప్పుడు ఏ మాట వాడితే తర్వాతి ప్రతిలో ఆ మాట, షరతు చెడనంత వరకు. "నకళ్లు" అన్నా ఎవరూ తిరిగి నకళ్లు అనలేదు, జిరాక్సులనే అన్నారు. ఆదాయ ధ్రువపత్రాన్ని ఇన్‌కమ్ సర్టిఫికెట్ అన్నారు. కానీ "కుటుంబ ఆదాయం" దగ్గర "ఇంట్లోవాళ్ళందరి సంపాదన" అన్న మాటని తీసుకోలేదు. కుటుంబంలోకి ఎవరెవరు వస్తారో తేల్చేది సర్టిఫికెట్. ఇంట్లో ఉండే బాబాయి జీతం కూడా కలపాలా అన్న అనుమానం మనం పుట్టించకూడదు.

దశ 6: చెవి పరీక్ష

మూడో ప్రతిలో తొమ్మిదో ముక్క "ఒరిజినల్స్ మాత్రం పెట్టొద్దు" అని ఉంది. కాగితం మీద చక్కగా ఉంది, అర్థం కూడా సరిపోయింది. చిన్న స్పీకర్లో, చుట్టూ జనం మాట్లాడుకుంటుంటే ఇద్దరికి "పెట్టొచ్చు" అని వినబడింది. ఒత్తక్షరం ఒక్కటే తేడా, అర్థం మాత్రం పూర్తిగా తలకిందులు. అందుకని వినిపించే ప్రతుల్లో "ఒద్దు" తీసేసి "కూడదు" పెట్టాను. చేయొద్దు, ఇవ్వొద్దు, రావొద్దు, అన్నిటికీ ఇదే చికిత్స. "కూడదు"ని "ఒచ్చు"గా వినడం కష్టం. అటుపక్క "చేయొచ్చు"ని కూడా పూర్తిగా విప్పి "చేసుకోవచ్చు" అన్నాను.

పరీక్ష ఎలా పెట్టాలంటే:

1. ఒక్కసారే వినిపించాలి, మళ్ళీ వినిపించకూడదు.
2. "అర్థమైందా?" అని అడగకూడదు. అందరూ ఔననే అంటారు.
3. అంచు మీద ఉన్న సందర్భాలు చెప్పి జవాబు అడగాలి: ఒకబ్బాయి కుటుంబ ఆదాయం సరిగ్గా రెండు లక్షలు, అప్లై చేసుకోవచ్చా? 20న సాయంత్రం గుర్తొచ్చింది, మర్నాడు వెళ్తే తీసుకుంటారా? జ్వరం, తమ్ముడి చేత పంపొచ్చా? ఒరిజినల్ కూడా పెడితే మంచిదేగా?
4. తప్పు జవాబు వచ్చిన ముక్క నంబరు రాసుకోవాలి. వాక్యం మార్చాలి, గట్టిగా చదివి సరిపెట్టకూడదు.

*లెక్క: మూడో ప్రతి 10లో 8. పోయినవి 7 (మీరే), 9 (పెట్టొద్దు).*

దశ 7: నాలుగో ప్రతి

"విద్యార్థుల స్కాలర్‌షిప్ గురించి కొన్ని విషయాలు, వినండి. ఏడాదికి కుటుంబ ఆదాయం రెండు లక్షల రూపాయలు దాటకపోతే అప్లై చేసుకోవచ్చు. సరిగ్గా రెండు లక్షలున్నా చేసుకోవచ్చు. ఇంతకుముందు ఇదే స్కాలర్‌షిప్ తీసుకుని ఉంటే మాత్రం వీల్లేదు. అప్లికేషన్‌తో పాటు రెండు జిరాక్సులు పెట్టాలి: నివాసం సర్టిఫికెట్‌ది ఒకటి, ఇన్‌కమ్ సర్టిఫికెట్‌ది ఒకటి. ఒరిజినల్స్ మాత్రం పెట్టకూడదు. అవి వెరిఫికేషన్ రోజు చూపించాలి. ఈ నెల ఇరవయ్యో తేదీ దాకా తీసుకుంటారు, ఆ రోజు కూడా తీసుకుంటారు. ఇరవై ఒకటి నుంచి ఏ కారణం చెప్పినా తీసుకోరు. ఎవరి అప్లికేషన్ వాళ్ళే ఆఫీసుకు వెళ్ళి ఇవ్వాలి."

మూలం వరస ఇందులో లేదు. జిరాక్సుల వెంటనే ఒరిజినల్స్ సంగతి తెచ్చాను, ఆ రెంటినీ విడదీస్తే కలిపేసుకుంటున్నారు. మినహాయింపుని వాక్యం నడుమ నుంచి తీసి "మాత్రం"తో విడి వాక్యం చేశాను. "మరియు" బదులు ముందే "రెండు జిరాక్సులు" అని లెక్క చెప్పి, ఒకటి, ఒకటి అని విడగొట్టాను. మూలంలో "లేదా" ఉండి ఉంటే "ఇదో అదో, ఏదో ఒకటి చాలు" అని ముగించేవాణ్ణి. "వేరేవాళ్ళ చేత పంపితే తీసుకోరు" అన్న వాక్యం రాసి కొట్టేశాను. పంపితే ఏమవుతుందో నోటీసు చెప్పలేదు.

"తీసుకుంటారు" రెండుసార్లు, "చేసుకోవచ్చు" రెండుసార్లు వచ్చాయి. రాతలో అయితే ఒకటి తీసేసేవాణ్ణి. వినేటప్పుడు ఆ తిరగమాటే గుర్తుంటోంది కాబట్టి ఉంచాను.

*లెక్క: 10 వాక్యాలు, 67 మాటలు. కొత్త శ్రోతల దగ్గర 10లో 10.*

మూలం 50, రెండో ప్రతి 25, చివరిది 67. వాడుక భాషలోకి తెస్తే కురచ అవుతుందని లెక్కేసుకున్నవాళ్ళు ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. రికార్డింగు నిడివి ముందే ఖాయం చేస్తే ఏదో ఒక ముక్క రాలిపోతుంది. ఈ ప్రతిలో కుదించడానికి వీలున్నది ఒక్క మొదటి వాక్యమే. దాన్ని కూడా ఉంచాను, ఎందుకంటే జనం చెవి ఇటు తిప్పేలోపు ఆదాయం షరతు దాటిపోకూడదు.

మిగిలిన పని: ఆఫీసు వాళ్ళే మైకులో చదవడానికి "తీసుకుంటాం, తీసుకోం, వచ్చి ఇవ్వాలి" రూపాలతో ఇంకో ప్రతి. పది ముక్కల జాబితా, అంచు ప్రశ్నలు అవే. మళ్ళీ కొత్త శ్రోతలు కావాలి.